బిల్లుల శాతంతో పథకం ఆరోగ్యం తేలదు

ఖరీఫ్ దగ్గరపడినప్పుడూ, అసెంబ్లీలో బడ్జెట్ పద్దులు చర్చకు వచ్చినప్పుడూ నందిగామ, జగ్గయ్యపేట మెట్ట మండలాల్లో ఒకటే ప్రశ్న లేస్తుంది: మన ఎత్తిపోతల ఎంతవరకు వచ్చింది? జవాబు కూడా ఏళ్ల తరబడి ఒకే రూపంలో వస్తోంది. ఇంత మంజూరైంది, ఇంత ఖర్చయింది, కాబట్టి ఇంత శాతం పూర్తయింది. వైరా, కట్టలేరు పక్కనే పారుతున్నా వీరులపాడు మండలంలోని మెట్ట చేలకు నీటి భరోసా లేదు. సాగర్ ఎడమ కాలువ చివరన ఉన్న భూములకు ఏ ఏడు నీళ్లు దిగుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ కొరత తీర్చడానికే 2020 ఆగస్టు 28న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి జగ్గయ్యపేట సమీపాన సుమారు 490 కోట్ల రూపాయల వేదాద్రి ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. అంతకుముందు, 2008లో మంజూరైన చింతలపూడి ఎత్తిపోతల మీద కూడా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు రైతులు ఆశ పెట్టుకున్నారు. గోదావరి నీటిని ఎత్తి పశ్చిమగోదావరి మెట్టకూ, పాత కృష్ణా జిల్లా మెట్టకూ ఇవ్వాలన్నది దాని లక్ష్యం. ఇలాంటి పథకాల గురించి ‘ఎంత శాతం’ అన్న లెక్క రైతుకు ఏమీ చెప్పదు. పథకం బాగుందా, జబ్బుపడిందా తేల్చే పద్ధతి ప్రపంచంలో అరవై ఏళ్లుగా ఉంది. మన నీటిపారుదల శాఖ దగ్గర దానికి కావలసిన సమాచారం కూడా ఉంది. ఆ లెక్క వేసి జనం ముందు పెట్టడమే జరగడం లేదు.

ఆ పద్ధతికి మూడు అంకెలు చాలు. ఈ తేదీకి ఎంత విలువైన పని జరిగి ఉండాలని మొదట్లో అనుకున్నాం? ఇది ప్రణాళిక విలువ. ఈ తేదీకి నిజంగా జరిగిన పనిని మొదటి అంచనా ధరలతో కొలిస్తే ఎంత వస్తుంది? ఇది సాధించిన విలువ. ఆ పనికి నిజంగా ఎంత ఖర్చు పడింది? ఇది అసలు వ్యయం. సాధించిన విలువను అసలు వ్యయంతో భాగిస్తే వ్యయ సూచీ వస్తుంది, ప్రణాళిక విలువతో భాగిస్తే కాల సూచీ వస్తుంది. ఇంజనీర్లు వీటినే సీపీఐ, ఎస్పీఐ అంటారు. సూచీ ఒకటి ఉంటే అనుకున్నట్టే నడుస్తోందని, ఒకటికి తగ్గితే వెనకబడిందని అర్థం. వ్యయ సూచీ 0.80 అంటే రూపాయి ఖర్చుకు ఎనభై పైసల పనే చేతికొచ్చిందన్నమాట. మన సమీక్షల్లో వినబడేది ఈ మూడింటిలో చివరి అంకె మాత్రమే. మొదటి రెండూ లేకుండా అది పథకం ఆరోగ్యం గురించి ఏమీ చెప్పలేదు.

లెక్క తేలిగ్గా ఉండడానికి 100 కోట్ల అంచనాతో, 24 నెలల గడువుతో ఒక ఊహా ఎత్తిపోతల పథకం తీసుకుందాం. జాక్‌వెల్, పంపుహౌస్‌లకు 30 కోట్లు. పది కిలోమీటర్ల ప్రెషర్ మెయిన్‌కు కిలోమీటరుకు 4 కోట్ల చొప్పున 40 కోట్లు. మోటార్లు, సబ్‌స్టేషన్‌కు 20 కోట్లు, డెలివరీ సిస్టర్న్, పిల్లకాలువలకు 10 కోట్లు. పన్నెండో నెల చివరికి పంపుహౌస్‌లో 20 కోట్ల పని, ఏడు కిలోమీటర్ల పైపులైను, 2 కోట్ల కాలువ పని పూర్తికావాలన్నది ప్రణాళిక. మొత్తం ప్రణాళిక విలువ 50 కోట్లు. ఆ తేదీకి వెళ్లి చూస్తే పంపుహౌస్‌లో 12 కోట్ల పనే జరిగింది. పైపులైను ఐదు కిలోమీటర్లు వేసి, నీటి ఒత్తిడి పరీక్ష కూడా చేశారు. అది 20 కోట్లు. కాలువ పని మొదలే కాలేదు. సాధించిన విలువ 32 కోట్లు, కాల సూచీ 0.64. చెల్లించిన బిల్లులు మాత్రం 40 కోట్లు. సమీక్షలో ‘40 శాతం పూర్తి’ అని వినపడేది ఈ అంకె వల్లే.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వేసిన ఐదు కిలోమీటర్లు కాక మరో నాలుగు కిలోమీటర్ల పైపులు రోడ్డు పక్కన దించి ఉన్నాయనుకుందాం. పైపులు సైటుకు చేరితే ధరలో ఒక భాగం చెల్లించే ఏర్పాటు మన కాంట్రాక్టుల్లో మామూలే. ఆ భాగం 60 శాతమైతే 9.6 కోట్లు బిల్లులోకి ఎక్కాయి. ఈ సొమ్మును పనిగా లెక్కిస్తే సాధించిన విలువ 41.6 కోట్లకు చేరుతుంది. వ్యయ సూచీ 1.04 అవుతుంది, కాల సూచీ 0.83 దాకా లేస్తుంది. నిన్నటిదాకా మంచాన పడ్డ పథకం కాగితం మీద లేచి కూర్చుంటుంది. నేలలో ఒక్క పైపు కూడా అదనంగా దిగలేదు. కాంట్రాక్టర్లకు పైపులు ముందు తెచ్చి కుప్ప వేయడం మీదే ఎందుకు మోజు ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. తవ్వడం, దించడం, జాయింటు కలపడం, పరీక్షించడం కష్టమైన పనులు, వాటిలో రైతుల పొలాల మీదుగా దారి అడగాల్సిన పని కూడా ఉంది. పైపు దించడానికి లారీ చాలు.

దీని మీద నిపుణుల్లోనే రెండు వాదాలున్నాయి. పైపు నీళ్లు మోయడం మొదలుపెట్టేదాకా దానికి విలువ లేదని ఒక వర్గం అంటుంది. డబ్బు పెట్టి కొన్న ఆస్తిని సున్నాగా చూపడం తప్పని, అలా చూపితే వ్యయ సూచీ అన్యాయంగా పడిపోతుందని రెండో వర్గం అంటుంది. నా ఉద్దేశంలో ఇద్దరి మాటలోనూ నిజముంది, అందుకే రెండు సూచీలనూ ఒకే కొలతతో చూడకూడదు. వ్యయ సూచీ లెక్కలో కుప్ప వేసిన పైపుల విలువను రెండు వైపుల నుంచీ తీసేయాలి. అంటే ఖర్చులోంచి 9.6 కోట్లు తగ్గించాలి, పనిలో కూడా ఆ విలువ కలపకూడదు. కాల సూచీ లెక్కలో వాటికి ఏ విలువా ఇవ్వకూడదు. అలా చేస్తే మన ఉదాహరణలో ఖర్చు 30.4 కోట్లకు, పని 32 కోట్లకు వస్తుంది. వ్యయ సూచీ 1.05. ఖర్చు అదుపులో ఉంది, ఆలస్యమే అసలు జబ్బు అన్న తీర్పు వస్తుంది.

ఈ తీర్పును కూడా నమ్మడానికి వీల్లేదు. మన రాష్ట్రాల్లో అసలు వ్యయం అంటే ఖజానా నుంచి వెళ్లిన సొమ్ము. పని జరిగి, ఎం-బుక్‌లో కొలతలు ఎక్కి, బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో అప్‌లోడ్ అయి నెలల తరబడి ఆగిపోతే ఆ మొత్తం ఖర్చుగా కనిపించదు. కొలతలు ఎక్కాయి గనుక పని మాత్రం సాధించిన విలువలో చేరిపోతుంది. అంటే ప్రభుత్వం బిల్లులు ఎంత ఆపితే వ్యయ సూచీ అంత ఆరోగ్యంగా కనిపిస్తుంది. మన పథకంలో భూసేకరణ పరిహారం, స్టీలు, సిమెంటు ధరల సర్దుబాటుతో కలిపి మరో 8 కోట్ల బిల్లులు పెండింగులో ఉంటే నిజమైన ఖర్చు 38.4 కోట్లు. వ్యయ సూచీ 0.83కి దిగుతుంది. ఇదే ధోరణి చివరిదాకా సాగితే వంద కోట్ల పథకానికి 120 కోట్లు అవుతాయి. ఒకే సైటు, ఒకే తేదీ. అయినా వ్యయ సూచీకి 1.04, 1.05, 0.83 అని మూడు జవాబులు వచ్చాయి. సూచీ చదవడం అంటే భాగహారం చేయడం కాదు, పైన ఏం కలిపారో కింద ఏం వదిలారో అడగడం. పెండింగ్ బిల్లుల దెబ్బ ఆ అంకెతో ఆగదు కూడా. సొమ్ము రాని కాంట్రాక్టరు యంత్రాలను, కూలీలను తీసేస్తాడు, దాంతో వచ్చే త్రైమాసికంలో కాల సూచీ కూడా కుంగుతుంది.

ఈపీసీ విధానంలో మరో పొర ఉంది. పథకం మొత్తాన్ని ఒకే ధరకు ఒప్పగించే ఈ పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో పాతుకుపోయింది. 2012 మార్చి నాటి స్థితి మీద కాగ్ ఇచ్చిన జలయజ్ఞం నివేదిక, 86 ప్రాజెక్టుల్లో 26ను పరిశీలించి, ఈ పద్ధతి అమలులోని లోపాలను ఎత్తిచూపింది. ధర ముందే ఖరారైంది కనుక, జరిగిన పనికి ఒప్పుకున్న శాతం మేరకే శాఖ చెల్లిస్తుంది. కాబట్టి శాఖ పుస్తకంలో వ్యయ సూచీ దాదాపు ఎప్పుడూ ఒకటిగానే ఉంటుంది. భారం అసలు ఎక్కడ పెరుగుతోందో ఆ అంకెలో కనిపించదు. అది కాంట్రాక్టరు నష్టంగా పేరుకుని, ఒకరోజు పని వదిలేసి వెళ్లడంగానో, ధర పెంచమన్న క్లెయిముగానో బయటపడుతుంది.

అమెరికా ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకుంది. అక్కడి రక్షణ శాఖ 1967లోనే పెద్ద కాంట్రాక్టులకు సాధించిన విలువ లెక్కలను తప్పనిసరి చేసింది. అయినా 1988లో నౌకాదళం కోసం నిర్ణీత ధరకు ఒప్పగించిన ఏ-12 యుద్ధవిమానం, 1991 జనవరిలో రక్షణ మంత్రి డిక్ చెనీ చేతిలో రద్దయింది. ఒక్క విమానం కూడా ఎగరలేదు. విచారణలో తేలిన సంగతి మనకు ముఖ్యం. పనితీరు సూచీలను చూసిన ప్రభుత్వ విశ్లేషకులు ఖర్చు బాగా మించిపోతుందని ముందే అంచనా కట్టారు. పైకి వెళ్లిన నివేదికల్లో మాత్రం అంతకంటే ఆశాజనకమైన అంకెలే ఉన్నాయి. రద్దు మీద కోర్టు వివాదం 2014 దాకా సాగింది. లెక్క ఉన్నా దాన్ని చూసే హక్కు ఒక గదికే పరిమితమైతే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది. ధర స్థిరంగా ఉంది కదా, ఇక భయమేముంది అన్న ధీమాకూ ఇదే జవాబు.

ఇక కాల సూచీలో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అది కాలాన్ని రూపాయల్లో కొలుస్తుంది. పథకం ఐదేళ్లు ఆలస్యంగా పూర్తయినా, పూర్తయిన రోజున సాధించిన విలువ, ప్రణాళిక విలువ రెండూ మొత్తం అంచనాకు సమానమైపోతాయి, సూచీ ఒకటికి వచ్చి నిలుస్తుంది. గడువు దాటిన పథకంలో ప్రణాళిక విలువ ఇక పెరగదు, అందువల్ల నత్తనడకన పని సాగుతున్నా సూచీ నెలనెలా మెరుగుపడుతూ పోతుంది. అమెరికాలో వాల్టర్ లిప్కే 2003లో దీనికి విరుగుడు చూపాడు. ఇప్పుడున్నంత పని ప్రణాళిక ప్రకారం ఏ నెలకు పూర్తికావాలో చూసి, ఆ నెలను గడిచిన నెలలతో భాగించాలి. మన ఉదాహరణలో 32 కోట్ల పని ఎనిమిదో నెలకే కావాలని ప్రణాళికలో ఉంటే, ఎనిమిదిని పన్నెండుతో భాగించి 0.67 అంటాం. 24 నెలల పథకం 36 నెలలకు వెళ్తుంది. గడువు దాటాక కూడా ఈ కొలత నిజం చెబుతుంది. మన మెట్టలో గడువు దాటిన పథకాలే ఎక్కువ కనుక మనకు పనికొచ్చేది ఇదే.

నదిలో పనికి ఇది కూడా చాలదు. జాక్‌వెల్ దించాలన్నా, ఇన్‌టేక్ కాలువ తవ్వాలన్నా, కాఫర్‌డ్యాం కట్టాలన్నా వరద తగ్గాక మొదలుపెట్టి మళ్లీ వరద రాకముందే ముగించాలి. స్థూలంగా జనవరి నుంచి జూన్ దాకా ఉన్న కాలమే పని కాలం. పైపులైను నెల వెనకబడితే నెలే పోతుంది. జాక్‌వెల్ మే నెలలో వెనకబడి వరద కిందికి వెళ్తే, పోయేది మళ్లీ జనవరి దాకా. సూచీ ఈ తేడా చూడదు. నది పనిలో పోయిన కోటికీ, కాలువ గట్టు మీద చేసిన కోటికీ అది ఒకే విలువ కడుతుంది. విద్యుత్తు విషయంలోనూ అంతే. పంపులు, పైపులు అన్నీ సిద్ధమై, సబ్‌స్టేషన్‌కు లైను రాని ఎత్తిపోతల 95 శాతం చూపించవచ్చు. దాని వల్ల ఒక్క ఎకరం కూడా తడవదు. అందుకే అటవీ అనుమతి, భూమి, కరెంటు వంటి దారి మూసే పనులను మొత్తంలో కలపకుండా విడిగా చూపాలి.

చింతలపూడి ఈ మాటలన్నింటికీ పాఠ్యపుస్తకం. మొదటి మంజూరు 1,701 కోట్లు, ఆయకట్టు రెండు లక్షల ఎకరాలు. 2016లో రెండో దశ కలిపి అంచనాను 4,909.80 కోట్లకు, ఆయకట్టును 4.80 లక్షల ఎకరాలకు పెంచారు. ఇందులో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న పాత ఆయకట్టు స్థిరీకరణ కూడా ఉంది. అంచనా దాదాపు మూడింతలైందని విమర్శకులు అంటారు. లక్ష్యమే మారింది కదా అని సమర్థకులు అంటారు. ఎకరాకు లెక్క కడితే మొదట సుమారు 85 వేల రూపాయలు, తర్వాత లక్షా రెండు వేలు. అంటే ఎకరాకు ఖర్చు పెరిగింది ఇరవై శాతమే. అయితే స్థిరీకరణ ఎకరం, కొత్త ఎకరం ఒకటి కావు కనుక ఈ పోలికను కొంత జాగ్రత్తగానే వాడాలి. అయినా ఒక సంగతి తేలుతోంది. లక్ష్యం పెంచడం వేరు, అదే లక్ష్యానికి ఖర్చు పెరగడం వేరు, సవరించిన అంచనా ఈ రెండింటినీ ఒకే అంకెలో ముంచేస్తుంది. అంతకంటే ప్రమాదం, కొత్త అంచనా వచ్చిన రోజున సూచీలు రెండూ మళ్లీ ఒకటి దగ్గర మొదలవుతాయి. పాత ఆలస్యమంతా కొత్త జీవోతో మాసిపోతుంది. భూసేకరణ, అనుమతుల చిక్కుల్లో 2008 నుంచి ఆగుతూ సాగుతున్న పథకానికి ఏ ఏడాది ప్రాతిపదికగా సూచీ కట్టారన్నదే అసలు ప్రశ్న. మొదటి మంజూరు వరసను చెరపకుండా, సవరించిన వరసను దాని పక్కన ఉంచాలి.

పోలవరం డయాఫ్రం వాల్ ఇంకో కోణం చూపింది. 2018లో పూర్తయిందని లెక్కకెక్కిన ఆ గోడ తర్వాతి వరదల్లో దెబ్బతిన్నది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలైంది. తప్పు ఎవరిదన్న రాజకీయ వాదనలోకి ఇక్కడ వెళ్లను. లెక్క దృష్ట్యా మాత్రం, ఒకసారి సాధించిన విలువ పోయినప్పుడు దాన్ని అదే నెలలో తీసేయాలి. ఖర్చు అలాగే ఉంటుంది, విలువ తగ్గుతుంది, వ్యయ సూచీ ఒక్కసారిగా పడుతుంది. పడాలి కూడా. మొత్తం శాతం మాత్రమే చెప్పే పద్ధతిలో ఆ పతనం కనిపించదు.

ఈ సూచీలు ఎంత ముందుగా హెచ్చరించగలవు? డేవిడ్ క్రిస్టెన్సెన్ అమెరికా రక్షణ కాంట్రాక్టులను పరిశీలించి, పనిలో ఇరవై శాతం దాటాక వ్యయ సూచీ సాధారణంగా పది శాతానికి మించి మారదని 1990ల్లో చెప్పాడు. మారినా ఎక్కువగా కిందికే. తర్వాతి పరిశోధకులు ఇది అన్ని రంగాలకూ వర్తించదని వాదించారు. నది పనుల విషయంలో ఆ అభ్యంతరం సబబే, ఒక్క వరద సీజను అంకెను తలకిందులు చేయగలదు. అయినా ఐదో వంతు పని జరిగేసరికే సూచీ 0.83 దగ్గర ఉంటే, ‘చివర్లో పరుగెత్తి అందుకుంటాం’ అన్న హామీని నమ్మే ముందు ఆ పరుగు ఎక్కడ, ఎన్ని యంత్రాలతో అని అడిగే హక్కు రైతుకు ఉంది.

దేశంలో 150 కోట్లు, ఆపైన ఖర్చయ్యే కేంద్ర ప్రాజెక్టుల మీద గణాంక మంత్రిత్వ శాఖ నివేదికలు ఇస్తోంది. ఆలస్యం, అదనపు వ్యయం అందులో తెలుస్తాయి. సాధించిన విలువ అందులో ఉండదు, రాష్ట్రాల సొంత పథకాలు ఆ పరిధిలోకే రావు. అంతర్జాతీయంగా ఐఎస్ఓ 21508 అనే ప్రమాణం 2018 నుంచి అందుబాటులో ఉంది. మనకు అంత బరువైన వ్యవస్థ అక్కర్లేదు. ఎం-బుక్ కొలతలు, మొదటి ఒప్పందంలోని ధరల పట్టిక, పని క్యాలెండరు ఇప్పటికే ఈఈ కార్యాలయంలో ఉన్నాయి. వాటిని కలిపి నెలకో పేజీ తయారుచేయడం ఒక ఏఈకి రెండు పూటల పని.

ఆ పేజీ విలువ దాని నియమాల్లో ఉంటుంది. ఏ పనికి ఎప్పుడు ఎంత విలువ ఇస్తారో టెండరుకు ముందే రాసుకోవాలి. పైపు పరీక్ష పూర్తయ్యాకే పూర్తి విలువ, మోటారు నీళ్లు ఎత్తాకే పూర్తి విలువ అన్నట్టు. ఆమోదించి చెల్లించని బిల్లులను ఖర్చులో కలపాలి. కుప్ప వేసిన సరుకును వేరే గడిలో చూపాలి. గడువు దాటిన పథకాలకు రూపాయల కాల సూచీ మానేసి నెలల కాల సూచీ ఇవ్వాలి. అదనపు గడువు ఇచ్చే ప్రతి ఈఓటీ ఉత్తర్వు కింద ఆ నాటి రెండు సూచీలనూ అచ్చు వేయాలి.

ఇదంతా కాంట్రాక్టర్లను భయపెడుతుందని, అంకెలు వక్రీకరిస్తారని శాఖలో కొందరు అంటారు. వక్రీకరణ భయం నిజమే. సాధించిన విలువను ఎక్కువ చేసి చూపడం తేలిక, ఎం-బుక్ రాసేదీ బిల్లు సిఫారసు చేసేదీ ఒకే చెయ్యి అయినప్పుడు మరీ తేలిక. దానికి మందు అంకెను దాచడంలో లేదు, కొలిచే చేతిని మార్చడంలో ఉంది. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఎన్ని కిలోమీటర్ల పైపు పూడ్చారో, ఎన్ని మోటార్లు బిగించారో చూడడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. సంఘం అధ్యక్షుడు మూడు నెలలకోసారి ఏఈతో కలిసి లైను వెంట నడిచి, పూడ్చిన పొడవు మీద సంతకం చేస్తే చాలు. పేజీలో రాసిన కిలోమీటర్లకూ, ఆ సంతకం చేసిన కిలోమీటర్లకూ తేడా వస్తే, ఆ తేడా సరిదిద్దేదాకా తర్వాతి ఆర్‌ఏ బిల్లు ముందుకు కదలకూడదని జీవోలో ఒక్క వాక్యం రాయవచ్చు. వేదాద్రి ఎత్తిపోతల సమీక్ష ఎప్పుడు జరిగినా, జగ్గయ్యపేట ఎమ్మెల్యేకైనా నందిగామ ఎమ్మెల్యేకైనా అధికారుల ముందు పెట్టాల్సిన మొదటి కాగితం ఈ పేజీయే.